పోయినాయనే వచ్చి సంతకం పెట్టాలట!

బ్యాంకులో సొమ్ము ఇరుక్కుపోవడంలో హైదరాబాదీల రికార్డు ఏడో నిజాముదే. 1948 సెప్టెంబరు 20న, సంస్థానం లొంగిపోయిన మూడు రోజులకు, లండన్‌ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు ఆయన ఖాతా దాటి పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలో పడ్డాయి. వారానికే నిజాం తన డబ్బు తనకిమ్మన్నాడు. బ్యాంకు ఎవరికీ ఇవ్వకుండా కూర్చుంది. 1967లో నిజాం పోయాడు, మనవళ్ల గడ్డాలు నెరిశాయి. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పేనాటికి ఆ సొమ్ము దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయింది. తీర్పు వచ్చాక కూడా, మేమూ వారసులమేనంటూ మరికొందరు కోర్టు తలుపు తట్టారు.

ఆ బ్యాంకుకు కనీసం రెండు దేశాల తగవు అడ్డం ఉంది. మన పాతబస్తీ బ్రాంచిలో కౌంటరు అవతల కూర్చున్నాయనకు ఏ దేశం అడ్డమొచ్చిందో అర్థం కాదు. లాడ్ బజార్‌లో గాజుల కొట్టు నడిపిన ఒక పెద్దాయన పోయాడనుకుందాం. సేవింగ్స్ ఖాతాలో 4,80,000 రూపాయలున్నాయి. నామినీ లేడు. రూపాయి రూపాయి కూడబెట్టి కట్టినన్నాళ్లూ ఆయన తాత ఎవరని బ్యాంకు అడగలేదు. ఇప్పుడు మాత్రం ఏడు తరాల వంశవృక్షం కావాలట. కొడుకు వారసుల పత్రం చేత్తో పట్టుకుని వస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది నడవదు భాయ్, కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెండి’ అంటారు. ఎందుకు నడవదో అడిగితే ‘రూల్’ అంటారు. ఆ రూలు చూపించమంటే లంచ్ టైమవుతుంది.

సరే, రూలే చదువుదాం. చనిపోయిన ఖాతాదారుల సొమ్ము గురించి రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరు 26న కొత్త ఆదేశాలిచ్చింది. 2026 మార్చి 31 లోగా అన్ని బ్యాంకులూ వాటిని అమలు చేయాలంది. నామినీ గానీ, సర్వైవర్ షరతున్న జాయింటు ఖాతాలో బతికున్న భాగస్వామి గానీ ఉంటే వారసుల పత్రం అడగనే కూడదు. ఎవరూ లేకపోయినా, వీలునామా గానీ తగాదా గానీ లేనప్పుడు, వాణిజ్య బ్యాంకులో 15 లక్షల దాకా, సహకార బ్యాంకులో 5 లక్షల దాకా తేలిక పద్ధతిలోనే తేల్చాలి. ఆ పద్ధతికి కావాల్సినవి క్లెయిము ఫారం, డెత్ సర్టిఫికెట్, అడిగేవాళ్ల గుర్తింపు కార్డులు, ఇండెమ్నిటీ బాండు, అడగని వారసుల నుంచి అభ్యంతరం లేదనే కాగితం, వారసుల పత్రం. అంతే. ఆ చివరిది కూడా లేకపోతే, కుటుంబాన్ని బాగా ఎరిగిన, బ్యాంకుకు నమ్మకమైన బయటి మనిషి ఒకరు ‘వారసులు వీళ్లే’ అని రాసిచ్చినా చాలు. ఈ హద్దులోపు జమానతుదారుణ్ని వెతికి తెమ్మనడానికి వీల్లేదు. గాజుల కొట్టాయన 4,80,000 ఏ లెక్కన చూసినా 15 లక్షలకు లోపే. అయినా కౌంటరు దగ్గర లెక్కలు వేరే స్కూల్లో నేర్చుకుంటారేమో తెలియదు.

అలాగని తప్పంతా బ్యాంకుదే అంటే అది బ్యాంకు మీద చాడీ. వారసుల పత్రాన్ని తెచ్చినవాళ్లు కూడా దాన్ని చదవరు. సీలు ఉందా, సంతకం ఉందా, లామినేషన్ చేయించామా, ఇంతే చూస్తారు. చదవాల్సింది లోపలుంది.

మన దగ్గర ఇది మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దారు ఇచ్చే కాగితం. చార్మినార్ మండలమో, బహదూర్‌పురా మండలమో, గిర్దావర్ విచారణకు వస్తాడు, ఇరుగుపొరుగు వాంగ్మూలం ఇస్తారు, పత్రం పుడుతుంది. జనం ‘లీగల్ హెయిర్’ అని పిలిచే ఈ కాగితం మీద చాలాసార్లు ‘ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్’ అని ఉంటుంది. ఫలానా పనికోసమే ఇస్తున్నామని ఒక వరుస కూడా ఉండొచ్చు. ముందు ఆ వరుస చదవండి. పింఛను పనికని తీసుకున్న పత్రాన్ని బ్యాంకులో పెడితే, పెదవి విరిచే అవకాశాన్ని మనమే పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు.

రెండోది పేరు. బ్యాంకు పాసుబుక్కులో Mohd, ఆధార్‌లో Mohammed, డెత్ సర్టిఫికెట్‌లో Md. మనిషి ఒక్కడే. కంప్యూటరు దృష్టిలో మాత్రం ముగ్గురు, అందులో ఒక్కడే చనిపోయాడు. డెత్ సర్టిఫికెట్‌లోనూ వారసుల పత్రంలోనూ ఉన్న పేరు, తండ్రి పేరు పాసుబుక్కుతో, చనిపోయిన తేదీ ఒకదానితో ఒకటి సరిపోలుతున్నాయో లేదో ఇంట్లో కూర్చున్నప్పుడే చూసుకోవాలి. తేడా ఉంటే మూడు పేర్లూ ఒకరివేనని ఒక అఫిడవిట్ ముందే చేయించుకోవడం, కౌంటరు దగ్గర నోరు చేసుకోవడం కన్నా చౌక.

మూడోది అసలు విషయం. ఈ కాగితం మనుషుల పేర్లు చెబుతుంది, వాటాలు చెప్పదు. ఎవరెవరున్నారో మాత్రమే తెలుపుతుంది. ఎవరికెంత అన్నది చట్టం చెప్పాలి. గాజుల కొట్టాయనకు భార్య, ఇద్దరు కొడుకులు, పెళ్లయిన కూతురు, ఎనభై దాటిన తల్లి ఉన్నారనుకోండి. రేషను కార్డు చూసి రాసిన పత్రంలో భార్యా కొడుకులే ఉంటారు. అత్తగారింటికెళ్లిన కూతురు ‘వాళ్ల ఫ్యామిలీ’లో లెక్క. తల్లి తమ్ముడింట్లో ఉంటుంది గనుక ఆమె అసలు లెక్కే కాదు. హనఫీ చట్టం మాత్రం రేషను కార్డు చదవదు. భార్యకు ఎనిమిదో వంతు, 60,000. తల్లికి ఆరో వంతు, 80,000. మిగిలిన 3,40,000 అయిదు పాళ్లు చేసి కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి. అంటే కొడుకుకు 1,36,000 చొప్పున, కూతురికి 68,000. పత్రంలో తల్లీ కూతురూ లేకపోతే 1,48,000 రూపాయల హక్కున్నవాళ్లు కాగితం మీద పుట్టనేలేదు. అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ తీసేశాకే ఈ పంపకమన్నది కూడా గుర్తుండాలి.

హిందూ కుటుంబం అయితే తప్పించుకుందామనుకోకండి. అక్కడ కూడా తల్లి మొదటి తరగతి వారసురాలే, కూతురూ అంతే. పేరు వదిలేయడంలో మన రెండు సమాజాల మధ్య సామరస్యం చూడముచ్చటగా ఉంటుంది.

ఇక అభ్యంతరం లేదనే కాగితం. బ్యాంకు అడిగితే ఇల్లంతా చెల్లెలి చుట్టూ మూగుతుంది. ‘భాయ్‌జాన్ అంతా చూసుకుంటాడు, నువ్వు ఒక్క సంతకం పెట్టేయ్, బేటీ’ అంటారు. ఆ కాగితం రెండు రకాలుగా ఉండొచ్చు. డబ్బు అన్న చేతికి ఇవ్వడానికి అభ్యంతరం లేదని చెప్పడం ఒకటి, నా వాటా వదులుకున్నానని చెప్పడం ఇంకొకటి. మొదటిదే పెట్టానని తలచి రెండోదానిపై సంతకం పెట్టిన చెల్లెలికి, తర్వాత గుర్తొచ్చేది ఆ సంతకమే. సంతకానికి ముందు కాగితం చదవాలి. అంతకన్నా శుభ్రమైన దారి, అందరూ కలిసి ఒకే క్లెయిము పెట్టి, ఎవరి వాటా వాళ్ల ఖాతాలో వేయమనడం. నామినీ ఉన్న ఖాతాలో కూడా కథ ఇంతే. నామినీ డబ్బు పుచ్చుకునేది వారసుల తరఫున. ఆ సొమ్ముకు యజమాని కాడని సుప్రీంకోర్టు 2010లో తల్వార్ల కేసులో తేల్చింది. నామినీ అయిన పెద్దకొడుకు కొత్త బండి కొనేముందు ఈ తీర్పు చదివితే తమ్ముళ్లకు మేలు.

కోర్టు గడప ఎక్కక తప్పని చోట్లు కొన్ని నిజంగానే ఉన్నాయి. వారసుల్లో ఒకరు అడ్డం తిరిగారా, వీలునామా బయటపడి దాని మీద గొడవైందా, కోర్టు స్టే ఉందా, అక్కడ తహసీల్దారు పత్రం పనిచేయదు. అప్పుడు 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద సక్సెషన్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. పాతబస్తీవాళ్లకు దూరమేం కాదు, సిటీ సివిల్ కోర్టు పురానీ హవేలీలోనే ఉంది. పత్రికలో నోటీసు పడుతుంది, అభ్యంతరాల గడువు ముగియాలి, సొమ్ము విలువను బట్టి కోర్టు ఫీజు కట్టాలి. ఆ సర్టిఫికెట్ చూసి డబ్బిచ్చిన బ్యాంకుకు ఆ చట్టంలోని 381వ సెక్షన్ పూర్తి రక్షణ ఇస్తుంది. బ్యాంకు దాని కోసం పాకులాడేది అందుకే. 15 లక్షలు దాటిన సొమ్ముకు అలాంటి కాగితమో, జమానతుదారునో అడిగితే న్యాయముంది. ఎవరూ గొడవ పడని 4,80,000కు అడిగితే, బ్యాంకు తన భయానికయ్యే ఖర్చు విధవరాలి చేత కట్టిస్తోందన్నమాట.

ఆదేశాల్లో పళ్లున్న వరుస ఒకటుంది. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో సొమ్ము ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్యాంకు రేటు మీద ఏడాదికి 4 శాతం కలిపి వడ్డీ నష్టపరిహారంగా కట్టాలి. దీనికి బ్రాంచి కనిపెట్టిన విరుగుడు సులువు. ‘అన్నీ’ ఎప్పటికీ అందకుండా చూసుకోవడమే. ఇవాళ ఫొటో, రేపు పాన్ కార్డు, ఎల్లుండి ‘మేనేజర్ సాబ్ లీవులో ఉన్నారు, కల్ ఆనా’. గడియారం మొదలవకపోతే ఆలస్యం ఎక్కడిది? అందుకే తెచ్చిన ప్రతి కాగితానికీ తేదీ వేసిన రసీదు అడగాలి, ఇంకేం కావాలో ఒకేసారి రాసిమ్మనాలి. సక్సెషన్ సర్టిఫికెట్ కావాలంటే ఏ నిబంధన ప్రకారమో కూడా కాగితం మీద పెట్టమనాలి. నోటితో ‘రూల్’ అన్నవాళ్ల చేత ఆ రూలు రాయించబోతే పెన్నులో సిరా అయిపోవడం మీరే చూస్తారు. రాతపూర్వక ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. దానికి వకీలూ అక్కర్లేదు, ఫీజూ లేదు.

అంతకన్నా తేలికైన పని ఇంకొకటుంది, కాకపోతే అది బతికున్నవాళ్లే చేయాలి. ఇవాళే పాసుబుక్కు తీసి నామినీ పేరుందో లేదో చూసుకోవడం. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. ఆ ఫారం నింపడానికి పట్టే పది నిమిషాలు దాటవేసి, ఆ పనిని తహసీల్దారుకూ, గిర్దావర్‌కూ, పురానీ హవేలీకీ, చివరికి సొంత చెల్లెలికీ వదిలి పోయేవాణ్ని మర్యాదగా ‘కీర్తిశేషుడు’ అంటారు. ఇంట్లోవాళ్లు ఏమంటారో అచ్చు వేయడానికి వీల్లేదు.