మహనీయులైన వృద్ధులారా, ఆ ఆరు మెట్లూ ఎక్కి రండి

"పితృసమానులు, మాతృసమానులు అయిన వయోవృద్ధులకూ, దైవస్వరూపులైన దివ్యాంగ సోదర సోదరీమణులకూ ఆలయ కమిటీ తరఫున శతకోటి పాదాభివందనాలు. కనీవినీ ఎరుగని రీతిలో మీకోసం ప్రత్యేక క్యూలైను, ఆసన సదుపాయం కల్పించడమైనది. ఈ చక్రాల కుర్చీల దాత, పేదల పెన్నిధి..." అంటూ మైకు అందుకున్నాయన ఊపిరి పీల్చుకున్నాడు. దాత పేరు, దాత తండ్రి పేరు, దాతగారి సిమెంటు దుకాణం ఏ సర్కిల్లో ఉందో, ఏ కంపెనీ సిమెంటు అమ్ముతుందో వరసగా వచ్చాయి. చక్రాల కుర్చీలు ఎక్కడున్నాయో మాత్రం రాలేదు.

ఇది హిందూపురం పక్కన ఒక తిరునాళ్లలో విన్నది. గుడి పేరు చెప్పను. చెబితే పెనుకొండ, ధర్మవరం వైపు కమిటీల వాళ్లు తమ పేరెందుకు వెయ్యలేదని నొచ్చుకుంటారు.

మైకు కింద ఒక పెద్దాయన కోడలి భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ధర్మవరం మనిషి. గుంట మగ్గంలో కాళ్లు దించుకుని నలభై ఏళ్లు పట్టుచీరలు నేసినవాళ్ల నడుములూ మోకాళ్లూ ఎలా ఉంటాయో ఆ ఊళ్లో ఏ వీధిలో చూసినా తెలుస్తుంది. మెళ్లో బ్యాడ్జీ వేసుకున్న కుర్రాణ్ని పిలిచి అడిగాడు.

"యాడుందప్పా ఆ లైను?"

"మైకులో చెప్తాండారు కదా పెద్దాయనా, ఇనలేదా?"

"ఇన్నాను నాయనా. పాదాలకు మొక్కినారు. యాడుందో చెప్పలా."

నాకు తెలిసి మొత్తం వ్యవహారం మీద ఇంతకన్నా మంచి విమర్శ రాలేదు.

ఇదే పెద్దాయన పొద్దున ధర్మవరం జంక్షన్‌లో రైలెక్కి వచ్చాడు. అక్కడి మైకు ఆయన్ను తండ్రీ అనలేదు, దైవస్వరూపమూ అనలేదు. బండి నంబరు, ఏ ప్లాట్‌ఫారం, ఎన్ని గంటలకు అన్నది మూడు భాషల్లో చెప్పి ఊరుకుంది. ఆయన ఎవర్నీ అడక్కుండా వెళ్లి బండెక్కాడు. నడవలేని మనిషికి మైకు చేయగలిగిన పెద్ద మర్యాద అదే, నలుగురినీ బతిమాలే పని లేకుండా చెయ్యడం. మన తిరునాళ్లకు గౌరీబిదనూరు, పావగడ వైపు నుంచి కన్నడం వాళ్లు వస్తారు, పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు ఉర్దూ మాట్లాడేవాళ్లూ తెలుగు మాట్లాడేవాళ్లూ కలిసే వస్తారు. దాత పేరు ఏ భాషలో చదివినా ఒకటే కాబట్టి దాన్ని ఒక్కసారి చదివితే చాలు. గేటు ఎక్కడో చెప్పడానికే రెండో భాష కావాలి.

ఇంకో సంగతి. చెవులు వినపడనివాళ్లకు ప్రత్యేక లైను ఉందన్న కబురు కూడా మైకులోనే చెప్పారు. చూపు లేనివాళ్లకు అదే కబురు ఫ్లెక్సీ మీద రంగురంగుల్లో వేయించారు. ఫ్లెక్సీలో నేతల ముఖాలు పదకొండు, అక్షరాలు అడుగున చీమలబారు. మైకులో చెప్పిందే గేటు దగ్గర పెద్ద అక్షరాల బోర్డుగానూ ఉండాలి, బోర్డు మీద ఉన్నదే మైకులోనూ వినపడాలి. ఈ మాట ఎవరైనా చెబితే కమిటీ 'పరిశీలిస్తాం' అంటుంది.

పెద్దాయనకు చివరికి లైను దొరికింది. గుడి ముందు ఆరు మెట్లున్నాయి, ప్రత్యేక క్యూ ఆరో మెట్టు పైన మొదలవుతుంది.

ర్యాంపు లేదని కాదు. ఉంది. ఎనిమిది అడుగుల ఇనప రేకు ఒకటి మెట్ల మీద వాల్చి, పైన ఎర్ర తివాచీ పరిచారు. టేపు తీసి కొలిస్తే సంగతి తేలుతుంది. మెట్టుకు అరడుగు చొప్పున ఆరు మెట్లకు మూడడుగుల ఎత్తు. చక్రాల కుర్చీ ర్యాంపుకు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ఇంజనీర్లందరూ ఒప్పుకున్న లెక్క. అంటే ముప్పై ఆరు అడుగులు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి చదునైన చోటు, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీ. ఎనిమిది అడుగుల్లో మూడడుగులు ఎక్కించేదాన్ని మా ఊళ్లో ర్యాంపు అనరు, జారుడుబండ అంటారు. దాని మీద కుర్చీ ఎక్కించాలంటే కింద నలుగురు తోయాలి, పైన ఇద్దరు లాగాలి, కూర్చున్నవాళ్లు కళ్లు మూసుకోవాలి. అది చూసినవాళ్లు భక్తి అనుకున్నారు.

ర్యాంపు సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇంజనీరు అక్కర్లేదు. పెద్దమనిషి కూర్చున్న కుర్చీని ఒక్కరే ఆగకుండా పైకి తోయగలగాలి, దిగేటప్పుడు వెనక్కి పట్టి లాగే పని పడకూడదు. ముప్పై ఆరు అడుగుల జాగా ఎక్కడిదయ్యా అంటే నేరుగా వేయక్కర్లేదు, సగం దాకా వెళ్లి వెనక్కి తిప్పవచ్చు. పురావస్తు శాఖ కింద ఉన్న గుళ్లలో రాయికి మేకు కొట్టనివ్వరన్నది నిజమే. కానీ చెక్కతో చేసి, పెట్టి తీసేసే ర్యాంపుకు అనుమతి అడగవచ్చు, రాయికి గీత కూడా పడదు. పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిలో ఎప్పుడో 16వ శతాబ్దంలో ఒక రాతి స్తంభాన్ని దాదాపు నేలకు ఆననీయకుండా నిలబెట్టారు. మనం ఒక చెక్కను నేలకు ఆనించలేకపోతున్నాం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు వచ్చిపోయే భవనాల్లో మతపరమైనవాటినీ పేరు పెట్టి చేర్చింది. ఉన్న భవనాలను సరిచేయడానికి నిబంధనలు వచ్చినప్పటి నుంచి ఐదేళ్లు గడువిచ్చింది. నిబంధనలు 2017లో వచ్చాయి. గడువు 2022లో దాటింది. ఇన్నేళ్లలో అవిటివాళ్లు వికలాంగులయ్యారు, వికలాంగులు దివ్యాంగులయ్యారు, మెట్లు మెట్లుగానే ఉన్నాయి.

లైనులో ఆ పెద్దాయన ముందు పోలియో వచ్చిన ఒకావిడ కాలిపర్ వేసుకుని నిలబడి ఉంది. "చెప్పులిప్పి రాండమ్మా" అన్నాడు బ్యాడ్జీ కుర్రాడు. ఆ బూటు కాలిపర్‌కే బిగించి ఉంటుంది. అది విప్పితే ఆమె నిలబడలేదు. ఆ మాట ఆమె అందరి ముందూ చెప్పుకోవలసి వచ్చింది. కుర్రాడు పెద్దవాళ్లను అడిగొచ్చాడు, పెద్దవాళ్లు పంతులుగారిని అడిగొచ్చారు, వెనక లైను సణిగింది. ఈ దేశంలో గుడికి వెళ్లే మనిషి ఉత్త కాళ్లతో నడుస్తాడని కాస్త ముందే ఆలోచించినవాళ్లున్నారు. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ చేసిన జైపూర్ పాదం బూటు లేకుండానే నడవడానికి చేసినది. మరి కాలిపర్ వాళ్ల సంగతి? గేటు దగ్గర ఒక తడి గుడ్డ ఉంటే బూటు అడుగునూ, చంకకర్రల రబ్బరు తొడుగులనూ, కుర్చీ చక్రాలనూ తుడిచి పంపవచ్చు. 'తుడిచి రావచ్చు' అని రెండు మాటలు బోర్డు మీద రాసుంటే ఆమె ఎవరికీ ఏమీ చెప్పుకునే పని ఉండేది కాదు.

ఇక ఆసన సదుపాయం. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు షామియానా వెనక వరసలో వేశారు. చేతులు లేని కుర్చీలు. మోకాళ్లు పోయినవాళ్లు వాటిలో కూర్చోగలరు గానీ లేవలేరు, లేవాలంటే నొక్కి పట్టడానికి చేతులుండాలి. పైగా హారతి వేళ ముందున్న జనం లేచి నిలబడతారు, కూర్చున్నవాళ్లకు దేవుడి బదులు వీపులు దర్శనమిస్తాయి. ఒక పక్కగా, గర్భగుడికి అడ్డం లేని చోట రెండు వరసలు వేస్తే ఈ గోల ఉండదు. కానీ ఆ చోట నేతల సోఫాలుంటాయి. ఇరవై కుర్చీల్లోనూ పద్నాలుగు అప్పటికే నిండాయి, గన్‌మన్లూ డ్రైవర్లూ పొద్దున్నించీ నిలబడి అలిసిపోయారు మరి.

తిరుమలలో ఈ ప్రత్యేక లైను ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. అరవై ఐదు దాటినవాళ్లకూ దివ్యాంగులకూ ఉచిత దర్శనం కోటా ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు. చేతిలో వేళ ఉంటుంది కాబట్టి గంటలకొద్దీ నిలబడే పని తగ్గుతుంది. అయితే 2025 జనవరిలో వైకుంఠ ద్వార దర్శనం పది రోజులూ వృద్ధుల, దివ్యాంగుల, చంటిబిడ్డల తల్లిదండ్రుల ప్రత్యేక దర్శనాలు రద్దు చేశారు. ప్రొటోకాల్ ఉన్న ప్రముఖులు స్వయంగా వస్తే వాళ్లకు మాత్రం దారి ఉండింది. అంటే జనం తక్కువున్న రోజున ప్రత్యేక దారి, జనం విరగబడ్డ రోజున పదిమందితో పాటే. దీన్ని ఎంతైనా తిట్టవచ్చు. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ రద్దు సంగతి ముందే చెప్పారు, ధర్మవరంలో పెద్దాయన తిరుపతి బండెక్కకముందే పేపర్లో చదువుకున్నాడు. లేదని ముందే చెప్పడం, ఉందని చెప్పి మెట్ల కింద నిలబెట్టడం కన్నా చాలా నయం.

నాలాంటి ఒక పనిలేని రిటైర్డు హెడ్మాస్టరు మర్నాటికని ఒక ప్రకటన రాసి కమిటీకి ఇచ్చాడు. అది ఇలా ఉంది:

"నడవడం, నిలబడటం కష్టమైనవారు, అరవై ఐదేళ్లు దాటినవారు తూర్పు వైపు పక్క గేటు నుంచి రావచ్చు. అక్కడ మెట్లు లేవు. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా తెరిచి ఉంటుంది. మీతో ఒకరు రావచ్చు. చక్రాల కుర్చీలు గేటు పక్కనే ఉన్నాయి. కాలిపర్లు, చంకకర్రలు తుడిచి తీసుకురావచ్చు. నంబరు తీసుకుని కూర్చోండి, పిలుస్తాం. నీళ్లు, మరుగుదొడ్డి కుడి పక్కన. పైకి కనపడని ఇబ్బంది ఉన్నా గేటు దగ్గర చెబితే చాలు, వివరం అడగం."

కమిటీ దీని మీద గంటసేపు కూర్చుంది. ఒకాయన, ఇందులో గౌరవవాచకం ఒక్కటీ లేదే, పెద్దల్ని ఇలా పిలుస్తామా అని బాధపడ్డాడు. ఇంకొకాయన, తోడు ఒక్కరేనంటే అవ్వను తెచ్చిన ఏడుగురు మనవళ్లు ఎక్కడికి పోవాలి, వాళ్లకు ఓట్లు లేవా అన్నాడు. నిజానికి ఆ ఏడుగురి కోసమే ఆ మాట రాయాలి. అవ్వ ఒకతె, తోడు ఏడుగురు వస్తే గంటకల్లా ప్రత్యేక లైను మామూలు లైనవుతుంది. కనపడని ఇబ్బంది అంటే ప్రతివాడూ మోకాలు పట్టుకుని వస్తాడని కోశాధికారి భయం. నిజమే, కొందరు వస్తారు. గుండెకు స్టెంటు వేయించుకున్నవాణ్ని నలుగురి ముందూ చొక్కా విప్పి చూపించమనడం కన్నా ఆ కొందర్ని భరించడం తేలికని హెడ్మాస్టరు అన్నాడు. ఆయన మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు.

చివరికి మొదట శతకోటి పాదాభివందనాలు, నడుమ దాత పేరు చేర్చి ఏకగ్రీవంగా ఆమోదించారు. మర్నాడు పొద్దున ఆరింటికి ప్రకటన చక్కగా, స్పష్టంగా చదివారు. పెద్దవాళ్లు అరవై మంది దాకా ఎవర్నీ అడక్కుండానే తూర్పు గేటుకు చేరుకున్నారు. ఏడున్నరకు అదే మైకులో ఇంకో ప్రకటన వచ్చింది. తూర్పు గేటు నేతల కార్లు వచ్చే దారి గనుక నిన్న రాత్రి తాళం వేశారని, తాళం చెవి ఎవరి దగ్గరుందో దయచేసి తెచ్చివ్వాలని.