కై-స్క్వేర్‌కి చెడ్డ చిట్కాలు, మదనపల్లె పట్టిక చెప్పే జవాబులు

పరీక్షల ముందు చేతులు మారే చిట్కాల కాగితాల్లో కై-స్క్వేర్ టెస్ట్‌కి ఎప్పుడూ ఒక పేజీ ఉంటుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో డిగ్రీ, నర్సింగ్, మెడిసిన్ చదివే పిల్లలు స్లయిడ్ మీది పట్టికను, దాని కింది సూత్రాన్ని ఎక్కించుకుని, మిగతాది ఈ చిట్కాలతో నెట్టుకొస్తారు. అందులో చాలావరకు తప్పు. ఆ తప్పు చిట్కాలనే ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుని, పాటిస్తే లెక్క ఎక్కడికి పోతుందో చూపిస్తాను. ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో ఉన్న క్షయ శానిటోరియం డాక్టర్లు 1950లలో చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకా వేసి, ఏళ్ల తరబడి జనాన్ని గమనించారు. ఫ్రిమోట్-మోలర్, ఆయన సహచరులు 1973లో ప్రచురించిన ఆ అంకెలు ప్రపంచంలోని బీసీజీ అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కించే చోట ఇప్పటికీ కనిపిస్తాయి.

| | క్షయ వచ్చింది | రాలేదు | మొత్తం |
|---|---|---|---|
| టీకా వేశారు | 33 | 5036 | 5069 |
| వేయలేదు | 47 | 5761 | 5808 |
| మొత్తం | 80 | 10797 | 10877 |

ఇవి అబ్జర్వ్‌డ్, అంటే కంటితో చూసి లెక్కపెట్టినవి. మన ప్రశ్న ఒక్కటే: టీకా వేయించుకోవడానికీ, క్షయ రావడానికీ సంబంధం ఉందా, లేక రెండూ ఒకదానితో ఒకటి పనిలేకుండా నడిచాయా?

మొదటి చెడ్డ చిట్కా: "ఎక్స్‌పెక్టెడ్ అంటే మొత్తాన్ని గళ్ల సంఖ్యతో భాగించడమే." అలా చేస్తే ప్రతి గడికీ 10877ని నాలుగుతో భాగించిన 2719.25 వస్తుంది. కై-స్క్వేర్ పదివేలు దాటుతుంది. చూసినవాడు టీకా అద్భుతంగా పనిచేసిందనుకుంటాడు. కానీ ఆ పదివేలు చెప్పేది వేరు. క్షయ రానివాళ్లు వేలల్లో, వచ్చినవాళ్లు పదుల్లో ఉన్నారని మాత్రమే అది చెబుతోంది. ఆ సంగతి పట్టిక చూడగానే తెలుస్తుంది, దానికి టెస్ట్ అక్కర్లేదు. మన ప్రశ్నకు కావలసిన ఎక్స్‌పెక్టెడ్ ఇలా పుడుతుంది. మొత్తం 10877 మందిలో 80 మందికి జబ్బు వచ్చింది. టీకాకీ జబ్బుకీ సంబంధమే లేకపోతే, టీకా వేసిన 5069 మందిలోనూ జబ్బు అదే నిష్పత్తిలో రావాలి. 5069ని 80తో గుణించి 10877తో భాగిస్తే 37.28. వరుస మొత్తం, నిలువు మొత్తం గుణించి పెద్ద మొత్తంతో భాగించమని స్లయిడ్ చెప్పే సూత్రం ఈ ఆలోచనకు పొట్టిరూపం, అంతే.

ఒక గడి తెలిస్తే మిగతావి తీసివేతలతో వస్తాయి. టీకా లేనివాళ్లలో జబ్బు 42.72. జబ్బు రానివాళ్లు టీకా వైపు 5031.72, టీకా లేని వైపు 5765.28. ఇప్పుడు అబ్జర్వ్‌డ్‌లోంచి ఎక్స్‌పెక్టెడ్ తీసేయండి. గుర్తులు పక్కన పెడితే నాలుగు గళ్లలోనూ తేడా 4.28 అనే వస్తుంది. రెండు వరుసలు, రెండు నిలువులు ఉన్న ఏ పట్టికలోనైనా ఇంతే. మీ కాగితం మీద నాలుగు తేడాలూ సమానంగా రాకపోతే ఎక్స్‌పెక్టెడ్ ఎక్కడో తప్పిందన్నమాట. ముందుకు పోకుండా వెనక్కి వెళ్లి సరిచేసుకోండి.

ఆ తేడాను వర్గం చేస్తే 18.34. దాన్ని ఒక్కో ఎక్స్‌పెక్టెడ్‌తో భాగించాలి. జబ్బు వచ్చిన రెండు గళ్లు 0.49, 0.43 ఇస్తాయి. రాని రెండు గళ్లు చెరొక 0.004కి కూడా చేరవు. మొత్తం 0.93. తేడా అన్ని గళ్లలోనూ ఒకటే అయినా, 37 రావలసిన చోట నాలుగు తగ్గడం ఒక మాట, ఐదు వేలు రావలసిన చోట నాలుగు పెరగడం ఇంకో మాట. ఎక్స్‌పెక్టెడ్‌తో భాగించేది అందుకే.

రెండో చిట్కా అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే వినడానికి న్యాయంగా ఉంటుంది: "రెండు గుంపుల్లో జనం సమానంగా లేరు కాబట్టి ముందు శాతాలు చేసి, వాటిని పట్టికలో పెట్టు." ఇక్కడ టీకా వేసినవాళ్లలో 0.651 శాతానికి, వేయనివాళ్లలో 0.809 శాతానికి జబ్బు వచ్చింది. ఆ శాతాలను గళ్లలో పెట్టి లెక్కిస్తే కై-స్క్వేర్ సుమారు 0.017 వస్తుంది, తేడా బొత్తిగా లేనట్టు. అవే అంకెలను ఆరోగ్య శాఖ నివేదికల పద్ధతిలో లక్షకి ఇంతమంది అని రాసి 651, 809 పెడితే 17.2 వస్తుంది, తిరుగులేని తేడా ఉన్నట్టు. పల్లెల్లో జనం మారలేదు, జబ్బు మారలేదు, మనం రాసిన తీరు మాత్రమే మారింది. ఈ టెస్ట్ గడిలోని అంకెను మనుషుల సంఖ్యగానే చదువుతుంది. శాతం పెడితే పల్లెల్లో గుంపుకి వంద మందినే చూశారనుకుంటుంది, లక్షకి పెడితే గుంపుకి లక్ష మందిని చూశారనుకుంటుంది. గుంపులు సమానంగా లేని సంగతిని ఎక్స్‌పెక్టెడ్ ముందే చూసుకుంది. 37.28, 42.72 వేరువేరుగా వచ్చింది అందుకే. శాతాలు పాఠకుడికి చెప్పడానికి మాత్రం తప్పక రాయండి. గళ్లలోకి తేకండి.

"నాలుగు గళ్లున్నాయి, ఒకటి తీసెయ్, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మూడు" అనేది మూడో చిట్కా. దీన్ని చెప్పే విద్యార్థిని చిన్నచూపు చూడలేం. 1900లో ఈ టెస్ట్‌ను కనిపెట్టిన కార్ల్ పియర్సనే ఇలాంటి పట్టికకు మూడు అన్నాడు. 1922లో ఫిషర్ అది ఒకటేనని చూపించాడు. కారణం పైన మన లెక్కలోనే ఉంది. అంచుల మొత్తాలు ఉండగా 33 అన్న ఒక్క గడి తెలిస్తే చాలు: 80లోంచి తీస్తే 47, 5069లోంచి తీస్తే 5036, ఇక 5761 దానంతటదే వస్తుంది. స్వేచ్ఛగా మారగలిగేది ఒక్క గడే. కాబట్టి 5 శాతం గీటు 3.84 దగ్గర ఉంటుంది. మూడు అనుకుంటే 7.81కి పోతుంది. ఈ రెంటి మధ్య పడే ప్రతి ఫలితాన్నీ తప్పుగా చదువుతాం. మన 0.93 రెండు గీట్లకూ కిందే ఉంది కాబట్టి ఇక్కడ తీర్పు మారదు గానీ, పి-విలువ మాత్రం 0.34కి బదులు 0.82 అయిపోతుంది.

ఐదు గురించిన చిట్కా కూడా సగమే నిజం: "ఏ గడిలోనైనా ఐదుకన్నా తక్కువ ఉంటే కై-స్క్వేర్ పనికిరాదు." ఆ హెచ్చరిక ఎక్స్‌పెక్టెడ్ గళ్ల గురించి, అబ్జర్వ్‌డ్ గురించి కాదు. 1948లో అమెరికాలో అరాన్సన్ ప్రచురించిన బీసీజీ అధ్యయనంలో టీకా వేసిన 123 మందిలో నలుగురికి, వేయని 139 మందిలో 11 మందికి క్షయ వచ్చింది. గడిలో నాలుగు కనిపిస్తుంది కానీ దాని ఎక్స్‌పెక్టెడ్ 7.04. టెస్ట్ నిక్షేపంగా చేయవచ్చు. నిజంగా ఎక్స్‌పెక్టెడ్ ఐదుకన్నా కిందికి దిగితే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ ఉంది.

ఇక ఫలితం రాసేటప్పుడు వినిపించే చిట్కా: "3.84 దాటలేదు కాబట్టి సంబంధం లేదని రుజువైంది, టీకా పనిచేయదని రాసెయ్." దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. 0.93 అంటే, సంబంధం లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా మూడింట ఒకసారి కాకతాళీయంగా కనిపించగలదని. టీకా వేసినవాళ్లలో జబ్బు ఐదో వంతు తక్కువగానే ఉంది. రిస్క్ నిష్పత్తి 0.80, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.52 నుంచి 1.25 వరకు. అంటే జబ్బును దాదాపు సగానికి తగ్గించే టీకా అయినా ఈ అంకెలకు సరిపోతుంది, ఏమీ చేయని టీకా అయినా సరిపోతుంది. 80 మంది రోగులతో ఈ రెంటినీ విడదీయలేకపోయాం. ఇవే నిష్పత్తులు సుమారు 45,000 మందిలో కనిపించి ఉంటే కై-స్క్వేర్ 3.84ని తాకేది. పక్కన ఇంకో రెండు పట్టికలు పెడితే, "తేడా లేదు" అనడానికీ "తేల్చలేం" అనడానికీ మధ్య దూరం బాగా కనబడుతుంది. బ్రిటన్ అధ్యయనంలో టీకా వేసిన 13,598 మందిలో 62, వేయని 12,867 మందిలో 248 కేసులు వచ్చాయి. అక్కడ కై-స్క్వేర్ దాదాపు 124. మద్రాసు అధ్యయనంలో ఒక్కో వైపు 88,391 మంది, కేసులు 505, 499. కై-స్క్వేర్ 0.04. మద్రాసుదీ మదనపల్లెదీ గీటు కిందే ఉన్నా రెండూ చెప్పేది ఒకటి కాదు. మద్రాసులో వెయ్యి కేసులు చూశాక కూడా తేడా లేదు, మదనపల్లెలో తేడా ఉందో లేదో తేల్చేంత కేసుల్లేవు. కాబట్టి మదనపల్లె ఫలితాన్ని ఇలా రాయండి: "టీకా వేసినవారిలో వెయ్యికి 6.5, వేయనివారిలో 8.1 కేసులు, కై-స్క్వేర్ 0.93, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 1, పి 0.34, సంబంధం ఉందనడానికి ఈ సమాచారం చాలదు."

చివరి చిట్కా, "పట్టిక దొరికితే చాలు, ఎలా వచ్చిందో అడగకు" అన్నది. మదనపల్లెలో టీకా ఎవరికి వేయాలన్నది చీటీలు తీసి కాదు, ఒకరిని విడిచి ఒకరికి అనే పద్ధతిలో నిర్ణయించారు. తర్వాతి వంతు ఎవరిదో ముందే తెలిసిపోయే పద్ధతి అది. వరుసలో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది ఆరోగ్యంతో ముడిపడి ఉంటే పట్టికలోకి ఆ వంకర కూడా వస్తుంది. సూత్రం దాన్ని కనిపెట్టలేదు. ఇంకొకటి, క్షయ ఇంట్లో ఒకరినుంచి ఒకరికి అంటుకునే జబ్బు. ఒకే ఇంట్లో ముగ్గురికి వస్తే కై-స్క్వేర్ వాళ్లను ముగ్గురు సంబంధం లేని మనుషులుగా లెక్కవేస్తుంది, దాంతో ఉన్న సమాచారంకన్నా ఎక్కువ ఉన్నట్టు భ్రమపడుతుంది. ఇలాంటి పట్టిక మీ చేతికొస్తే కేసులు ఎన్ని ఇళ్ల నుంచి వచ్చాయో రిజిస్టర్‌లో చూడండి. ఇళ్లు, కేసులు దాదాపు సమానంగా ఉంటే లెక్క సాగించండి. కొద్ది ఇళ్లలోనే కేసులు గుమికూడి ఉంటే, ఒకే ఇంటివాళ్లు ఒకరితో ఒకరు ముడిపడి ఉన్న సంగతిని లెక్కలోకి తీసుకునే పద్ధతి వాడండి.