ప్లైవుడ్ షీట్ల లెక్కలో వినకూడని నాలుగు సలహాలు

ఉప్పలగుప్తం చుట్టుపక్కల బీములున్న స్లాబు వేసుకోబోతూ, రేకులు అద్దెకు తెచ్చుకోకుండా ప్లైవుడ్ కొందామనుకునేవారికి ఈ నాలుగు సలహాలూ ఎవరో ఒకరు ఇస్తారు. మొదటి మూడూ డబ్బు పోగొడతాయి. నాలుగోది మనుషుల మీదికే తెస్తుంది. ఒక ఇంటిని ముందు పెట్టుకుని చూద్దాం.

11 అడుగుల చదరం గదులు ఆరు, వరసకు మూడు చొప్పున రెండు వరసలు. బీము వెడల్పు 9 అంగుళాలు, స్లాబుతో కలిపి లోతు 18 అంగుళాలు. స్లాబు మందం 5 అంగుళాలు. బయటి కొలత 36 అడుగులకు 24 అడుగుల 3 అంగుళాలు, అంటే 873 చదరపు అడుగులు. లెక్క తేలిగ్గా ఉండటానికి స్తంభాలు కూడా 9 అంగుళాల చదరమే అనుకుందాం.

1. “స్లాబు ఎన్ని అడుగులో, షీటు అన్ని అడుగులు చాలు.”

చాలదు. కాంక్రీటు ఎక్కడెక్కడ చెక్కను తాకుతుందో అదంతా లెక్కలోకి రావాలి. గదుల పైకప్పు 726 చదరపు అడుగులు. స్తంభాల తలలు తీసేస్తే బీముల కింది భాగం 140. స్లాబు కింద బీము 13 అంగుళాలు దిగుతుంది కాబట్టి గదుల వైపు పక్కలు 286. ఇంటి చుట్టూ బయటి పక్క పూర్తి 18 అంగుళాలు, అది 181. మొత్తం 1,333. అంటే స్లాబు కొలతకు ఒకటిన్నర రెట్లు. ఈ తేడా అంతా బీముల వల్లే వచ్చింది. బీముల లోతు మారితే లెక్కా మారుతుంది కాబట్టి పక్కింటివారి లెక్క మీ ఇంటికి పనికిరాదు.

2. “మొత్తాన్ని 32తో భాగిస్తే షీట్లు వచ్చేస్తాయి.”

8 అడుగులకు 4 అడుగుల షీటు 32 చదరపు అడుగులే. ఆ లెక్కన 42 షీట్లు. కానీ 11 అడుగుల గదిలో 8 అడుగుల షీటు పరిస్తే 3 అడుగులు మిగులుతుంది. 4 అడుగుల వెడల్పు రెండుసార్లు పరిచాక మరో 3 అడుగులు మిగులుతుంది. ఆ ముక్కలన్నీ కోసి చూస్తే గదికి నాలుగున్నర షీట్లు, ఆరు గదులకు 27.

13 అంగుళాల పక్క చెక్కలు షీటుకు మూడే వస్తాయి, వాటికి 12 షీట్లు. మిగిలే పట్టీ కాగితం మీద 9 అంగుళాలు, బీము కిందికి సరిపోతుందనిపిస్తుంది. రంపం తినే పొట్టు పోయాక అది 9 కంటే తగ్గుతుంది, పనికిరాదు. 18 అంగుళాల బయటి పక్కలకు 8 షీట్లు. వీటిలో మిగిలే అడుగు వెడల్పు పట్టీలను, గదుల షీట్లలో మిగిలిన అలాంటి పట్టీలను బీము కిందికి వాడుకుంటే, ఆ పనికి కొత్తవి 2 చాలు. మొత్తం 49. షీట్లు తేవడానికి ముందే మేస్త్రితో ఈ కోతల జాబితా రాయించుకోండి.

3. “షీటు పదిసార్లు వస్తుంది, పదో వంతు కొంటే చాలు.”

స్లాబు ఒకేరోజు పోస్తారు. ఆ రోజుకు 49 షీట్లూ జాకీల మీద ఉండాల్సిందే. తిరిగి వాడితే తగ్గేది ఖర్చు. ఒక పోతకు కావలసిన షీట్ల సంఖ్య తగ్గదు. పై అంతస్తూ ఇదే కొలతతో వేస్తూ, విప్పేటప్పుడు పదో వంతు పాడైందనుకుంటే మరో 5 కొనాలి. రెండు స్లాబులకు 54, అంటే స్లాబుకు 27 పడ్డట్టు. పదిసార్లు వచ్చే షీటైనా మీకు ఉన్నవి రెండు స్లాబులే అయితే, ఖర్చును రెండుతోనే భాగించాలి. ఒక్క అంతస్తే వేసేవారు కొనకుండా అద్దెకు తెచ్చుకోవడమే మేలు.

4. “మూడో రోజే విప్పేయండి, షీటు త్వరగా తిరుగుతుంది.”

దీన్ని అసలు వినకండి. ఐఎస్ 456 ప్రకారం స్లాబు కింద షీటును 3 రోజులకు తీయాలంటే, తీసిన వెంటనే జాకీలు మళ్లీ బిగించాలి. బీము కింది చెక్కకు ఇలాగే 7 రోజులు. జాకీలు పూర్తిగా తీయడానికి, ఈ 11 అడుగుల గదుల్లో స్లాబుకు 7 రోజులు, బీములకు 14 రోజులు ఆగాలి. ఇవి మామూలు ఓపీసీ సిమెంటుకు చెప్పిన గడువులు. పీపీసీ వాడితే ఇంకా ఆగాలి. పై స్లాబు బరువు కింది స్లాబు మీద పడుతుంటే ఇంజినీరును అడక్కుండా జాకీ కదపకూడదు.

త్వరగా తిరిగేవి పక్క చెక్కలే. అవి 16 నుంచి 24 గంటల్లో వస్తాయి. గదుల వైపు పక్కలు మాత్రం, స్లాబు షీటు అంచు వాటి మీద ఆనకుండా కట్టి ఉంటేనే తీయాలి.

షీటు మళ్లీ పనికొస్తుందో లేదో అంచు చెబుతుంది. మన తేమకు కోసిన అంచే ముందు ఉబ్బుతుంది. ఉబ్బితే రెండు షీట్ల అతుకు దగ్గర స్లాబు కింద గీత లేస్తుంది. వేలితో కొడితే డొల్లగా మోగిందంటే లోపలి పొరలు విడిపోయాయన్నమాట. దాన్ని స్లాబుకు వాడొద్దు, మంచి భాగం కోసి పక్క చెక్కకు వాడుకోండి. కోసిన ప్రతి అంచుకూ అదేరోజు పెయింటు పూయించండి. విప్పిన షీట్లను నేలకు ఆనకుండా, కర్రల మీద సమంగా పడుకోబెట్టి కప్పి ఉంచండి. పై స్లాబుకు 5 షీట్లు కొనాలా, 15 కొనాలా అన్నది ఈ రెండు పనుల మీదే ఆధారపడుతుంది.