ఎకరం దుక్కికి మూడు లెక్కలు

మా కాలంల బీర్పూర్‌ల దుక్కి ఖర్చు ఎంత అని ఎవడూ అడగకపోయేది పిలగా. ఎడ్లు కొట్టంల ఉండె, నాగలి వడ్లాయన చేసిచ్చె, కల్లం కాడ ఆయనకింత గింజ కొలిచి పోసేది. ఎడ్లు లేనోనికి ఎడ్లున్నోడు దున్నిపెట్టేది, వాడు నాట్లకో కోతకో వచ్చి ఆ బదులు తీర్చేది. పైసలు నడుమల రాకపోయేది. ఇప్పుడు వానపడి పదును ఆరకముందే మీరు ఫోన్ పట్టుకొని ట్రాక్టరోని ఎంబడి పడతరు. గంటకింత కిరాయి, డీజిల్ నీదే, డ్రైవర్‌కు బత్తా వేరే అని వాడు చెప్తడు, మీరు సరే అంటరు. గంటకెంత అని ఒక్కటే అడిగి ఎకరానికి ఎంతైతదో అడగరు. నా కోపమంత ఆడనే.

మా పక్కింటి పిలగాడు ఎకరం చెల్క మక్క కోసమని గట్లనే దున్నించిండు. కిరాయి గంటకు ఆరునూర్లు, బత్తా మూడునూర్లు. మీ ఊర్ల రేటు వేరే ఉంటది, నా అంకెలు తీసేసి మీయి పెట్టుకోండ్రి, లెక్క నడిచే తీరు మాత్రం అదే. వాడు ఆరునూర్లు యాదికి పెట్టుకొని ఎయ్యిల పని అయిపోతదనుకున్నడు. రాత్రి నా కాడికి వచ్చి, తాతా, పద్దెనిమిది నూర్లు దాటింది, ఎట్లైంది అని అడిగిండు. కూసో బిడ్డా అని పలక మీద రాసి చూపెట్టిన.

ఎకరమంటే నలభై గుంటలు. నాలుగు దిక్కుల సమంగుంటే ఒక్కో పక్క 209 అడుగులు వస్తది. తొమ్మిది కర్రుల కల్టివేటర్ ఆరున్నర అడుగుల ఎడల్పు దున్నుతది. అంటే ఒక దిక్కు దున్నాలంటే 32 సార్లు పోవాలె, 32 సార్లు మలపాలె. గంటకు నాలుగున్నర కిలోమీటర్ల నడకన ఒక్కో పోత యాభై సెకన్లు, కల్టివేటర్ లేపి, మలిపి, మళ్ళ దించేసరికి ఇంకో ఇరవై సెకన్లు. మూలలు, ఒడ్డెంబడి మిగిలిన పట్టీలు కలుపుకుంటే ముప్పావు గంట. మక్కకు సాలు దున్ని ఇరువాలు కూడ దున్నాలె కాబట్టి గంటన్నర. కిరాయి తొమ్మిదినూర్లు.

ఇగ డీజిల్. నలభై అయిదు హార్స్‌పవర్ బండి కల్టివేటర్‌తోని గంటకు నాలుగు లీటర్ల దాకా తాగుతది, గంటన్నరకు ఆరు. లీటరు 96 రూపాయల లెక్కన 576. ఊర్లకెళ్ళి చెల్క దాకా వచ్చి పోయినందుకు ఇంకో లీటరు. ఆ వచ్చిపోయే డీజిల్ ఎవరిదని ముందుగాల అడిగినోడు లేడు, అడగకపోతే అది నీదే. దాని మీద బత్తా మూడునూర్లు. మొత్తం 1872 రూపాయలు. కిరాయి అందుల సగమే కదరా. మీ బేరమంత ఆ సగం మీదనే నడుస్తది.

డీజిల్ బండోనిదే అయితే గంటకు పదకొండు నూర్లు అడిగేదట, గంటన్నరకు 1650. అది ఎక్కువనుకొని వీడు ఆరునూర్ల బేరానికి పోయిండు. అయిదెకరాలున్నోనికి అదే బేరం కలిసొస్తది. ఎందుకంటే బత్తా రోజుకు ఒక్కటే, ఎకరం దున్నినా అంతే, అయిదు దున్నినా అంతే. అయిదెకరాల మీద పంచితే బత్తా అరవై, రాకపోకల డీజిల్ ఇరవై పడతది, ఎకరం 1556కే దిగుతది. చిన్న రైతుకే ఎకరం దుక్కి పిరమైంది. మా కాలంల నాగలి పట్టెటోనికి జొన్నరొట్టె, ఇంత సల్ల పోసేది. ఎకరమున్నోడూ గదే పెట్టేది, పదెకరాలున్నోడూ గదే పెట్టేది.

డ్రైవర్‌ను నేనేమనను. ఎండల ఇనుము మీద కూసొని దుమ్ము మింగెటోడు వాడు, బత్తా వాని కష్టం. నా పంచాయితీ గంటతోని. గంట ఎక్కన్నుంచి మొదలైతది? బండి ఇంటికాడ చాలు చేసినప్పటి నుంచా, కర్రు భూమిల దిగినప్పటి నుంచా? పాత బండ్లల్ల మీటరు ఇంజను తిరుగుడును బట్టి నడుస్తది, మెల్లగ తిప్పితే మెల్లగ పోతది, చేతి గడియారంతోని కలవది. కొత్త బండ్లల్ల ఎలక్ట్రానిక్ మీటరు, డ్రైవర్ ఫోన్ల మాట్లాడుకుంట ఊకె చాలుపెట్టి ఉంచినా అది గంట కిందనే రాస్తది. గడియారమా మీటరా అన్నది కర్రు దించకముందే తెగాలె. గంటలెక్క కిరాయి తీసుకునెటోనికి తొందర ఉండది, డీజిల్ వానిది కాకపోతే పొదుపు సుత ఉండది. ఆ రెండూ నీ మీదనే పడతయి.

డీజిల్ ఎంత తాగిందో కండ్లతోని చూసుకోవచ్చు. దున్నకముందు బండిని సమతలం మీద ఆపి ట్యాంకు మూతి దాకా నింపాలె. పనైనంక అదే జాగల ఆపి మళ్ళ మూతి దాకా పోస్తే, ఎంత పట్టిందో అంతే తాగింది. వాలు మీద ఆపితే లెక్క తప్పుతది. ఇంకోటి, దున్నేటప్పుడు పెద్దటైర్ల ఎంబడి నడిచి చూడు. టైరు పండ్ల అచ్చు మన్నుల తేటగ పడితే పని సరిగ్గ నడుస్తున్నట్టు. అచ్చు చెదిరి మన్ను ఎనకకు చిమ్ముతుంటే చక్రం ఉత్తగనే తిరుగుతున్నది, నీ డీజిల్ కాలుతున్నది, చెల్క మాత్రం సాగుతలేదు. పదును ఎక్కువున్నప్పుడు గట్లైతది. ఒక పూట ఆగితే మన్ను ఆరుతది, గాని మీకు ఆగే ఓపిక యాడుంది?

మడులు ముక్కలైతే ఇంకా పిరం. అదే ఎకరం నాలుగు మడులుంటే మలుపులు 64 అయితయి, ఒక్కో దిక్కుకు పది నిమిషాలు పెరుగుతది. సాలు, ఇరువాలు కలిపితే మూడునూర్ల పైననే ఉత్త మలుపులకే పోతది. పొడుగు చెల్క అయితే పొడుగు దిక్కే దున్నుమని డ్రైవర్‌కు చెప్పు. మాకు ఎడ్లతోని ఈ బాధ లేకుండె, మూల దాకా పోయి, ఒడ్డుకు ఆనుకొని మలిగేటియి.

అట్లని ఎడ్లతోని ఎకరం సుకమని నేననను. నాగలి ఎనక ఒక్క ఎకరం దున్నితే ఇరవై కిలోమీటర్ల పైన నడక. రాత్రికి పిక్కలు రాళ్ళయ్యేటియి, రెండో ఎకరం మొదలుపెట్టేలోపల పదును పారిపోయేది. ఎడ్లకు కుడితి, చొప్ప యాడాది పొడుగూత పెట్టాలె, పనిలేని నెలల సుత. ఆ ఖర్చును మేమెప్పుడు పలక మీద రాయలే. గాని ఎడ్లు పెంట ఇచ్చినయి, రెండు టన్నుల బరువుతోని భూమిని తొక్కలే. ఏటేటా అదే లోతుల కల్టివేటర్ తిప్పితే కింద పొర గట్టిపడి నీళ్ళు దిగయి. మీ మక్క వానకు ఎర్రబారేది అందుకే సుత.

పక్కింటోనికి చివరకు ఒక దారి చెప్పిన. వాని చెల్క పక్కన ఇద్దరికి ఎకరం ఎకరం ఉన్నది. ముగ్గురు ఒక్కనాడే బండి పిలిస్తే బత్తా మనిషికి నూరు, రాకపోకలకు ముప్పై రెండు, ఎకరం 1608 పడతది. పదకొండు నూర్ల బేరం కన్న తక్కువనే. వాడు తలకాయ ఊపిండు, గాని ఆ ఇద్దరితోని పోయిన యాసంగి నుంచి ఒడ్డు పంచాయితీల మాటల్లేవట. పంచాయితీలు మాకూ ఉండె, అయినా ఎడ్లు బదులు పెట్టుకునేది. రేపు ముగ్గుర్నీ మా అరుగు మీదికి తోలుకరా అన్న. డీజిల్ క్యాన్ ఎవలింట్ల పెట్టాలె, బండి ముందుగాల ఎవల చెల్కల దిగాలె, ఆ రెండూ తేలిస్తే మిగిలింది డ్రైవర్ చూసుకుంటడు.