పీట బావ

మట్టెవాడలో మా బావను అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. చుట్టాల్లో ముసలివాళ్లను ఎవరు ఎక్కడికి తీసుకుపోవాలన్నా బావకే కబురొస్తుంది. బావ వెంట ఒక చెక్కపీట వస్తుంది. జానెడు ఎత్తు, అడుగున జారకుండా పాత టైరు ముక్కలు. టెంపో ట్రావెలర్ మెట్టు ఎత్తుకు మోకాళ్ల నొప్పులవాళ్ల కాలు లేవదు కదా, దాన్ని తలుపు కింద పెట్టి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి ఎక్కిస్తాడు. అందుకే పీట బావ.

ఆర్టీసీలో కంట్రోలర్‌గా రిటైరయ్యాడు. బస్సులు వదిలాయి గానీ చార్టు వదల్లేదు. పోయిన కార్తీకంలో మా తొమ్మిది మంది పెద్దవాళ్లను వనభోజనానికి రామప్పకు తీసుకుపోవాలని తీర్మానం అయింది. మట్టెవాడ నుంచి పాలంపేట సుమారు 70 కిలోమీటర్లు. "గంటన్నర తొవ్వ" అన్నాను. బావ నా వైపు జాలిగా చూసి, "నీకు గంటన్నర. వీళ్లకు మూడు గంటలు. కిలోమీటర్లు బండికిరా, మనుషులకు మోకాళ్లు, బాత్రూంలు లెక్క" అన్నాడు.

ముందటి ఆదివారమే మోటారు సైకిలు మీద ఆ తొవ్వంతా తిరిగొచ్చాడు. గుళ్లు చూడ్డానికి కాదు, బాత్రూంలు చూడ్డానికి. ఆత్మకూరు దాటాక ఒక బంకులో కమోడ్ ఉంది, నీళ్లున్నాయి, గడియ పడుతుంది. మరోచోట అన్నీ ఉన్నాయి గానీ లోపల గొంతుక్కూర్చునే దొడ్డి. "కూసునుడు అయితది, లేసుడు కాదు" అని దాన్ని కొట్టేశాడు. కమోడ్ గట్టిగా ఉందో లేదో తనే కూర్చుని చూసి వచ్చాడట. బంకు కుర్రవాడు తలుపు బయట పది నిమిషాలు నిలబడి, "సార్, పాణం మంచిగుందా?" అని అడిగాడట.

రోజు దగ్గర మొదటి గొడవ వచ్చింది. అందరూ సోమవారం అన్నారు. కార్తీక సోమవారం, పైగా శివాలయం. బావ మంగళవారం అన్నాడు. జనం తక్కువ ఉంటారన్నది పైకి చెప్పిన మాట. అసలు కారణం మా చిన్నత్త, అంటే బావ తల్లి. సోమవారమైతే ఆమె ఒక్కపొద్దు ఉంటుంది. ఒక్కపొద్దు ఉంటూనే షుగర్ గోలీ మాత్రం వేళకు వేసుకుంటుంది. దేవుడికీ డాక్టరుకూ ఇద్దరికీ కోపం రావద్దని. కడుపులో తిండి లేకుండా ఆ గోలీ పడితే షుగర్ దిగిపోతుంది. అప్పుడు చేతులు వణుకుతాయి, ఒళ్లు తడుస్తుంది, ఊరికే చిరాకు. "అమ్మ మామూలుగా తిడ్తే అది నన్ను. చెమటలు పట్టి తిడ్తే అది షుగర్" అని బావ నాకు గుర్తు చెప్పాడు. జేబులో గ్లూకోజ్ పొట్లం, మిషను. మూడు చెంచాలు నీళ్లల్లో కలిపి తాగించి పావుగంటకు మళ్లీ చూడాలి. నిద్ర మత్తుగా ఉండి మింగలేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, సీదా దవాఖానకే.

రెండో చిక్కు మా కాక. గుండె జబ్బుకు పొద్దున వేసుకునే గోలీ ఒకటి ఉంది. అది పడిందంటే మధ్యాహ్నం దాకా అరగంటకోసారి బండి ఆపాలి. ఒక పూట మానేస్తే పోదా అని కాకే అన్నాడు. బావ ఒప్పుకోలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అడిగాడు. ఆ ఒక్క రోజుకు అక్కడికి చేరాక వేసుకోవచ్చని ఆయన చెప్పాడు. డాక్టరు చెప్పకుండా బావ గోలీ వేళను గంట కూడా జరపడు. బస్సుల వేళలు మాత్రం బాగానే జరిపేవాడని వాడలో అంటారు.

సీట్ల చార్టు గోడకు అంటించాడు. తలుపు పక్కన మా కాక, ఎక్కువసార్లు దిగేది ఆయనే కనుక. వాంతులయ్యే అత్తకు ముందు సీటు. మోకాళ్లవాళ్లకు కాళ్లు చాపుకునే జాగా. వెనక చక్రాల మీది వరస నడుముకు గుంతలన్నీ లెక్క చెబుతుంది గనక అక్కడ నేనూ, గిన్నెలూ. సకినాలకు అనుమతి దొరకలేదు, కట్టుడు పళ్లు ఆరు జతలున్నాయని. పెరుగన్నం మెత్తగా మెదిపి, ఎక్కువ పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపించాడు. పన్నెండింటికి గిన్నె మూత తీస్తే పులవకుండా అప్పుడే తోడుకుని ఉంది.

ఏడున్నరకు బయల్దేరాం. ఆత్మకూరు దాటాక బంకు దగ్గర ఒకసారి, ములుగు ముందు గట్టమ్మ గుడి దగ్గర ఒకసారి ఆగాం. మేడారం పోయేవాళ్లు మొదట మొక్కేది ఆ తల్లికే. మావాళ్లు మేడారం పోకపోయినా మొక్కారు. పదిన్నరకు పాలంపేట.

రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినది, 2021లో యునెస్కో వారసత్వ కట్టడమైంది. ఇవన్నీ చెబుదామని నేను సిద్ధమైతే బావ మేజోళ్లు పంచుతున్నాడు. చెప్పులు బయటే విడవాలి, ఎండెక్కితే రాయి కాలుతుంది. మేజోళ్ల అడుగున రబ్బరు చుక్కలు, నున్నటి రాతి మీద జారకుండా. గుడి ఉన్నది ఎత్తయిన అరుగు మీద. మెట్ల దగ్గర మనిషికో తోడు. పైకి చేరాక మదనికలను చూడాలంటే తల వెనక్కి వాల్చాలి. "నిలబడి మీదికి చూడొద్దు, కండ్లు తిరుగుతయి. కూసొని చూడుర్రి" అని మడత కుర్చీలు వేశాడు. మా పెద్దత్త కుర్చీలో కూర్చుని, వంపు తిరిగి నిలబడ్డ ఆ మదనికను చాలాసేపు చూసింది. "ఎనిమిది నూర్ల ఏండ్ల సంది గట్లనే నిలవడ్డదా? దీని నడుం ఏం నడుమే!"

చెరువు కట్ట దగ్గర చెట్ల కింద భోజనాలు, కునుకులు. మూడింటికి బావ ఇంకో చార్టు తీశాడు. మనిషికో లీటరు సీసా, ఎవరెన్ని నీళ్లు తాగారు, ఎన్నిసార్లు బాత్రూంకు పోయారు, అంతా గీతలే. పెద్దత్త దగ్గర ఆగిపోయాడు. సీసా ఖాళీ. రెండో వరసలో పొద్దటి నుంచి ఒక్క గీత లేదు. పెదాలు ఎండి ఉన్నాయి.

"పెద్దమ్మా, జమకు ఖర్చు కలుస్తలేదే."

పెద్దత్త చెట్టు వైపు చూసింది. చెట్టు మొదట్లో మట్టి తడిగా ఉంది.

"పోయిన మాఘంల పెండ్లి బస్సుల రెండుమాట్ల ఆపుమన్న కొడుకా. ముందల ఆపుతం, ముందల ఆపుతం అన్నరు. ఊరొచ్చేదాంక ఉగ్గవట్టుకున్న. అప్పటి సంది బండెక్కితె నీళ్లు ముట్ట" అంది, చాలా మెల్లిగా.

బావ ఏమీ అనలేదు. ఉప్పేసిన మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా పక్కనే పీట మీద కూర్చున్నాడు. తర్వాత ఇంకో గ్లాసు. బండెక్కేముందు డ్రైవర్‌ను పిలిచి ఆమె ఎదుటే చెప్పాడు: "ఈమె ఆపుమంటే నన్ను అడగకు. బ్రేకు ఎయ్యి."

తిరుగు తొవ్వలో అందరూ కునుకు తీస్తున్నారు. బంకు ఇంకా రాకముందే చీకట్లోంచి "ఆపు!" అని కేక. చక్రాల మీది సీట్లో నేనూ గిన్నెలూ ఎగిరిపడ్డాం. టార్చి, పీట పట్టుకుని బావ అప్పటికే దిగిపోయాడు. పెద్దత్త తిరిగొచ్చి కూర్చున్నాక దీపం వేసి, చార్టు తీసి, రెండో వరసలో పొడుగ్గా ఒక గీత గీశాడు. బస్సు రైట్ టైంకు వచ్చిందని రాసుకున్నప్పుడు ఆయన మొహం ఎట్లా ఉండేదో నాకు అప్పుడు తెలిసింది.