రేపు నా బదులు ఎవరు? సదస్సు సంచాలకులకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ సదస్సు సంచాలకులవారి దివ్యసముఖానికి,

నారాయణగూడ నుంచి తమ వక్తల్లో ఒకడు విన్నవించుకునేది. రేపు ఉదయం 11 గంటలకు చిక్కడపల్లి సభలో నిజాం కాలపు తెలుగు గ్రంథాలయాల మీద నేను మాట్లాడాలి. గొంతు పూర్తిగా పడిపోయింది. స్వరపేటిక వాచిందట, గుసగుసలు కూడా వద్దన్నారు డాక్టరు. పొద్దున చెబితే తమకు ఊపిరాడదని ఈ రాత్రే రాస్తున్నాను.

తమరేం చేస్తారో ఊహించగలను. ముందు వరుసలోని పెద్దమనిషిని పట్టుకుని "రెండు ముక్కలు చెప్పండి సార్" అంటారు. ఆ రెండు ముక్కలూ నలభై నిమిషాలు సాగుతాయి. గ్రంథాలయాల ఊసు మాత్రం ఉండదు.

అందుకే ఒక అమ్మాయిని పంపుతున్నాను. అశోక్ నగర్ హాస్టల్లో ఉంటుంది, పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుతుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఎలా పుట్టాయో అడగండి, కొమర్రాజు లక్ష్మణరావు మొదలుకొని చెప్పుకొస్తుంది. నా పత్రం చదివి మార్జిన్లో పెన్సిలుతో ఒక ప్రశ్న రాసింది: "ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పుస్తకానికి డబ్బిచ్చినవాళ్లెవరు?" పత్రంలో నేను దాటేసిన చోటు సరిగ్గా అదే.

ఆమె పేరు ముందు డాక్టరు లేదు, వెనక హోదా లేదు. ఫ్లెక్సీలో ఏం వేయాలని తమరు దిగులుపడతారు. "పాఠకురాలు" అని వేయండి. గ్రంథాలయాల సదస్సుకు అంతకన్నా పెద్ద హోదా నాకు తోచడం లేదు.

హోదా లేనిదే కుదరదంటే, గొంతు బాగున్నప్పుడు సాధన కోసం చేసుకున్న రికార్డింగు ఉంది. అది అవమానమేమీ కాదు. 2005లో అనారోగ్యంతో స్టాక్‌హోం వెళ్లలేని హెరాల్డ్ పింటర్ నోబెల్ ప్రసంగాన్ని తెర మీదే చూపారు. కాకపోతే మన సభల్లో ల్యాప్‌టాప్ స్పీకరు ముందు మైకు పెడతారు, మాట రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మైకు సెట్టు మిక్సరుకు కేబులు వేయించండి. జనం రాకముందే చివరి వరుసలో ఒకరిని కూర్చోబెట్టి వినిపించండి. లింకు పంపను, హాల్లో నెట్టును నమ్మలేం. ఫైలు పెన్‌డ్రైవులో అమ్మాయే తెస్తుంది. రికార్డింగు ప్రశ్నలకు జవాబివ్వలేదు కాబట్టి, అప్పుడైనా ఆమెనే వేదిక మీద కూర్చోబెట్టండి.

ఈ మార్పును సభ మొదట్లోనే ప్రకటించండి. నా కోసం వచ్చినవాళ్లుంటే, ఒకరో ఇద్దరో, టీ తాగి వెళ్లిపోయే వీలుంటుంది. నాకు కొన్న శాలువా ఆమెకే కప్పండి. ఆటో ఖర్చు అక్కర్లేదు, లైబ్రరీ నుంచి నడిచే వస్తుంది. భోజనం టోకెను మాత్రం మరిచిపోకండి.

ఇట్లు,
తమ మూగ వక్త