సెప్టెంబరు 30 ఎక్కడికి పోయింది?

జూన్ 1న మొదలై సెప్టెంబరు 30తో ముగిసే నైరుతి రుతుపవన కాలంలో ఎన్ని రోజులు? వేళ్ల మీద లెక్కపెట్టే మనిషి 30, 31, 31, 30 కలిపి 122 అంటాడు. లాప్‌టాప్ ఉన్న మేధావి మాత్రం ఏడాదిలో జూన్ 1 152వ రోజు, సెప్టెంబరు 30 ఏమో 273వ రోజు అని చూసుకుని, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి 121 అని తేలుస్తాడు. అనంతపురం పల్లెల్లో రాతి కూసాలు పాతి కంచె వేసే కూలీకి ఈ చిక్కు ఉండదు. వంద అడుగుల గట్టు మీద పదేసి అడుగులకొక కూసం పాతాలంటే పదకొండు కావాలని, కంచె పొలం చుట్టూ తిరిగి మొదటి కూసానికే కలిస్తే ఆ అదనపు ఒకటి అక్కర్లేదని అతనికి చెప్పాల్సిన పనిలేదు. తప్పితే అక్కడికక్కడే కూసం తగ్గుతుంది, లేదా మిగులుతుంది. ప్రోగ్రామరుకు ఏదీ తగ్గినట్టు కనిపించదు. అదే అతని ధీమా: ‘ఏడాది డేటా మొత్తం మీద నడిపాం, ఎర్రర్ రాలేదు.’

ఎర్రర్ ఎందుకొస్తుంది? పైథాన్‌లో 365 రోజుల వాన లెక్క ఉన్న `rain` జాబితాలో `rain[400]` అని అడిగితే కేకలు వేస్తుంది గానీ, `rain[151:400]` అని ముక్క కోయమంటే ఉన్నంత కోసి నోరు మూసుకుంటుంది. ఇక `rain[151:272]` రాస్తే సెప్టెంబరు 30 రాలిపోతుంది, `rain[152:273]` రాస్తే జూన్ 1 పోతుంది. రెండూ నిశ్శబ్దంగానే. ఏది సరో తేల్చుకోవడానికి ఏడాదంతా అక్కర్లేదు. 10, 20, 30, 40, 50 అని ఐదు రోజులు కాగితం మీద రాసి, కింద 0 నుంచి 4 దాకా స్థానాలు వేయండి. 2వ రోజు నుంచి 4వ రోజు దాకా కావాలంటే `[1:4]`. మొదటి అంకె ఒకటి తగ్గింది, ఎందుకంటే లెక్క సున్నా దగ్గర మొదలైంది. చివరిది తగ్గలేదు, ఎందుకంటే కోత అక్కడికి చేరకముందే ఆగుతుంది. కాబట్టి రుతువుకు `rain[151:273]`. చివరి అంకెను చేర్చని ఈ పద్ధతిలో తీసివేతే పొడవు అవుతుందని 1982లోనే డైక్‌స్ట్రా వాదించాడు. ఇక్కడ 273లోంచి 151 పోతే 122, సరిపోయింది.

లూపులో ఇదే జబ్బు ఇంకో వేషం వేస్తుంది. వరసగా ఎన్ని రోజులు వాన లేదో లెక్కించే ఈ కోడ్ చూడండి. రోజుకు 2.5 మిల్లీమీటర్లు పడితేనే వాన రోజు.

```python
best = run = 0
for i in range(len(r) - 1):
    if r[i] < 2.5:
        run += 1
        best = max(best, run)
    else:
        run = 0
```

చివరి స్థానం పొడవు కంటే ఒకటి తక్కువన్న మాట గుర్తుపెట్టుకుని తగ్గించారు. కానీ `range` అప్పటికే చివరిది వదిలేస్తుంది. అలా ఒకే తగ్గింపు రెండుసార్లు జరిగింది. `r`ను 0, 0, 0, 12, 0 అనుకుని చేత్తో నడపండి: జవాబు 3, నిజమూ 3. తప్పు కోడ్ దర్జాగా పాసైంది! ఇప్పుడు 0, 12, 0, 0, 0 పెట్టండి. `i` 0 దగ్గర `run` 1, 1 దగ్గర 0, 2 దగ్గర 1, 3 దగ్గర 2, అంతటితో ఆట బంద్. నిజం 3, జవాబు 2. చిన్న ఉదాహరణ ఉంటే చాలదు, అసలు సంగతి అంచున పెట్టాలి. ఏడాది డేటాలో వాన లేని అతి పొడవైన వరస మధ్యలో ఎక్కడో ఉంటే ఈ తప్పు ఏళ్లతరబడి బయటపడదు.

‘122లో ఒక్క రోజే కదా, ఒక శాతం కూడా కాదు’ అంటారు. రోజులన్నీ ఒకే తూకమైతే ఒప్పుకోవచ్చు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే అనంతపురం మెట్టలో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరే. జూలైలో విత్తిన చెనక్కాయకు అప్పుడు కాయ ఊరే దశ. పైగా ఏ నిబంధనైనా 21 ఎండ రోజుల దగ్గర గీత గీస్తే, 20కీ 21కీ తేడా శాతాల్లో ఉండదు. గీతకు ఇవతలా అవతలా అన్నదాంట్లో ఉంటుంది.

‘చేత్తో ఎందుకు, పొడవు 122 వచ్చిందో లేదో యంత్రమే చూస్తుంది’ అన్నది కొంచెం గట్టి వాదన. చూడనివ్వండి, మంచిదే. కానీ 2024 లీపు సంవత్సరం. అదే `rain[151:273]` ఆ ఏడాది మీద నడిపితే ముచ్చటగా 122 విలువలే వస్తాయి. వాటిలో మొదటిది మే 31 వాన, చివరిది సెప్టెంబరు 29 వాన.